సదస్సుకు వారం ముందు వక్తను పీపీటీ అడగొచ్చా?

హన్మకొండ_తెలుగు
మా డిగ్రీ కాలేజీలో వచ్చే శుక్రవారం మౌఖిక సాహిత్యం మీద జాతీయ సదస్సు ఉంది. కీలకోపన్యాసానికి ఢిల్లీ నుంచి ఒక పెద్దాయన వస్తున్నారు, రిటైరైన ప్రొఫెసర్. ఇంకా వారమే ఉంది. పీపీటీ ముందే పంపమని, ఏ రైలుకు దిగుతారో, హాల్లో ఏమేం కావాలో ఆయన్ను అడగొచ్చా? అంత పెద్దమనిషిని అట్లా అడిగితే బాగుండదని మా డిపార్ట్‌మెంట్‌లోనే అంటున్నరు.

పాత పంతులు
రైలు సంగతి అడగండి. పీపీటీ మాత్రం అడక్కండి. ఆయన ఏం మాట్లాడతారో ఆయనకు తెలుసు. వారం ముందే పంపమంటే పిల్లాణ్ణి హోంవర్కు చూపించమన్నట్టు ఉంటుంది. పైగా మాలాంటివాళ్లం ముందురోజు రాత్రి దాకా స్లైడ్లు దిద్దుతూనే ఉంటాం. మీకు పంపింది ఒకటి, చివరికి చెప్పేది ఇంకోటి. మీవాళ్లేమో ఆ పాతదాన్నే తెర మీద పెట్టేస్తారు.

మైక్‌సెట్ అన్న
సార్, నేను ఈ దిక్కు కాలేజీ ఫంక్షన్లకు సౌండు, ప్రొజెక్టరు పెడ్త. మీరు అడగకుంటే తిప్పలు మాకు. పెద్దసారు ల్యాప్‌టాప్ పట్టుకొని స్టేజి ఎక్కినంక "బాబూ, ఇందులో వీడియో ఉంది" అంటడు. అప్పుడు ఏం చేస్తం? చేతి మైకు తీసి ల్యాప్‌టాప్ స్పీకర్ దగ్గర పట్టుకుంటం. వెనక వరసలకు గరగర తప్ప ఇంకేం వినపడది.

సీమ సుబ్బడు
దీనికింత రచ్చ ఎందుకబ్బా. పీడీఎఫ్ చేసి పంపమనండి. ఏ కంప్యూటర్లో అయినా తెరుచుకుంటాది. అయిపాయె.

గోదారమ్మ
సుబ్బడు గారూ, మీ మాట సగం నిజమండి. అక్షరాల గొడవకి పీడీఎఫ్ మంచి మందే. మన పాత తరం మాస్టార్లు చాలామంది ఇంకా అను ఫాంట్లలోనే టైపు చేస్తారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు పోయి ఇంగ్లీషు అక్షరాలూ, వింత గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. యూనికోడ్‌లో చేసిందైతే ఏ విండోస్‌లో తెరిచినా కనీసం చదవడానికి వస్తుంది. పవర్‌పాయింట్‌లో ఫైలుతోపాటే ఫాంటునీ పంపే వీలుంది, File > Options > Save లోకి వెళ్లి Embed fonts in the file దగ్గర టిక్ పెట్టాలి. కానీ ఫాంటు తయారుచేసినవాళ్లు అనుమతించకపోతే అది ఎక్కదు. అందుకే పీడీఎఫ్ మేలు.

అయితే ఇది మౌఖిక సాహిత్యం సదస్సండి. ఆయన ఒగ్గు కథో, శారద కథో రికార్డింగు చూపించకుండా ఉంటారా? పీడీఎఫ్ చేస్తే ఆ వీడియో బొమ్మగా మిగిలిపోతుంది. 

అందుకని హన్మకొండ గారూ, మొత్తం పీపీటీ అడక్కండి. తెలుగు అక్షరాలున్న స్లైడ్ ఒక్కటి పంపమనండి. హాల్లో వాడబోయే కంప్యూటర్లోనే తెరిచి చూడండి, మీ ఫోన్లో కాదు. ఇక నోటిమాటగా రెండే ప్రశ్నలు: ల్యాప్‌టాప్ మీరు తెస్తారా, మమ్మల్ని పెట్టమంటారా? మాట వినిపించాల్సిన వీడియో ఏమైనా ఉందా?

పాత పంతులు
ఒక్క స్లైడైనా అడగడం అడగడమే.

బిల్లు బాధితుడు
వక్తల మర్యాద గురించి ఇంత మాట్లాడుతున్నారు కదా, టీఏ గురించి ఒక్కరైనా ఎత్తారా? నన్ను ఒక కాలేజీవాళ్లు పిలిచారు. వెళ్లాను, మాట్లాడాను, శాలువా కప్పారు. తర్వాత బోర్డింగ్ పాసు ఒరిజినల్ కావాలన్నారు, అది హోటల్ గదిలోనే పారేశాను. క్యాన్సిల్డ్ చెక్కు అన్నారు, పాన్ కాపీ అన్నారు, మళ్లీ మళ్లీ అడిగారు. డబ్బు ఈ రోజుకీ రాలేదు. ఏ కాగితాలు దాచుకోవాలో వారం ముందు ఒక మెసేజ్ పెట్టి ఉంటే పోయేది కదా.

సీమ సుబ్బడు
అది వేరే థ్రెడ్‌లో పెట్టుకో సామీ.

గోదారమ్మ
వేరే థ్రెడ్ అక్కర్లేదండి, ఇదీ ఆ వారంలో చెప్పాల్సిందే. టికెట్టు, బోర్డింగ్ పాసు దాచమని వక్త ఇంటి నుంచి బయల్దేరకముందే చెప్పాలి. వచ్చేశాక చెప్పి లాభం లేదు.

మైక్‌సెట్ అన్న
హన్మకొండ సారూ, మీ హాల్ల ప్రొజెక్టర్ ఏ టైపు? నేను పోయినేడు మీ కాలేజీల పెట్టిన. అప్పుడు సీలింగుకు ఉన్నది పాతది, వీజీఏ వైరు మాత్రమే దిగి ఉండె.

హన్మకొండ_తెలుగు
అదే ఉంది అన్నా. వీజీఏనే.

మైక్‌సెట్ అన్న
అయితే ఇనుండ్రి. వీజీఏ వైర్ల బొమ్మ పోతది గని సౌండు పోదు. ఇప్పటి ల్యాప్‌టాపులకు వీజీఏ రంధ్రమే లేదు. హెచ్‌డీఎమ్‌ఐ నుంచి వీజీఏకు మార్చే కన్వర్టర్ కావాలె, అదీ పక్కన ఆడియో పిన్ను పెట్టేటందుకు చిన్న రంధ్రం ఉన్నది తేవాలె. అక్కడికెళ్లి నా మిక్సర్‌కు వైరు గుంజుత. పెద్దసారు హెచ్‌డీఎమ్‌ఐ లేని మ్యాక్‌బుక్ తెస్తే దానికి టైప్-సి కన్వర్టర్ వేరే. అది నా దగ్గర లేదు, ముందుగాల చెప్తే తెచ్చి పెడ్త.

ఇంకోటి. కన్వర్టర్ పెట్టంగనే విండోస్ సౌండును తనంతట తనే ఆ కన్వర్టర్ దిక్కు మళ్లిస్తది. ల్యాప్‌టాప్ స్పీకర్ బంద్ అయితది, కన్వర్టర్‌కు ఆడియో వైరు పెట్టకుంటే ఏం వినపడది. అందరు వాల్యూమ్ పెంచుకుంట కూసుంటరు. కింద స్పీకర్ గుర్తు నొక్కి సౌండు ఎటు పోవాల్నో మార్చాలె, అంతే. గని ఐదు వందల మంది చూస్తుంటే అది ఎవరికీ యాదికి రాదు.

సీమ సుబ్బడు
వీడియోను పెన్ డ్రైవ్‌లో విడిగా తెచ్చుకోమంటే సరిపాయె కదా.

గోదారమ్మ
ఈసారి మీ మాట పూర్తిగా నిజమండి. పాత పవర్‌పాయింట్లలో, 2007 దాకా, వీడియో ఫైల్లోకి చేరేది కాదు. అది ఎక్కడుందో చిరునామా మాత్రమే రాసుకునేది. అప్పట్లో చేసిన పీపీటీనే మాస్టార్లు ఇప్పటికీ దిద్దుకుంటూ వాడుతుంటారు. పెన్ డ్రైవ్‌లో పీపీటీ ఒక్కటే వస్తుంది, వీడియో ఇంట్లో ఉండిపోతుంది. ఫైలు సైజు చూస్తే తెలిసిపోతుంది: పది నిమిషాల వీడియో ఉందంటారు, ఫైలేమో రెండు ఎంబీ కూడా ఉండదు.

పాత పంతులు
వైర్లు, కన్వర్టర్లు, ఎంబీలు! ఇదంతా మీ పని, వక్త పని కాదు. నన్ను ఒకచోటికి పిలిచారు. ఆహ్వానం అందాక రెండు నెలలు ఉలుకూ పలుకూ లేదు. ఆఖరి వారంలో ఒక విద్యార్థి ఫోన్ చేసి "సార్, మీ బయోడేటా, ఫొటో, పీపీటీ సాయంత్రంలోగా పంపండి" అన్నాడు. ఆ అబ్బాయికి నా పేరు కూడా సరిగా తెలియదు. వెళ్లాను. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడు. జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు, స్వాగతం చెప్పినాయనకి మళ్లీ స్వాగతం. ముప్పావుగంట అనుకున్న నా ఉపన్యాసం ఇరవై నిమిషాల్లో ముగించమని చీటీ ఇచ్చారు. పీపీటీ వారం ముందే కావాలన్నవాళ్లు ఆ మాట వారం ముందే ఎందుకు చెప్పలేదు?

గోదారమ్మ
అదండీ అసలు సంగతి! ఇంతసేపూ పీపీటీ మీద పడ్డారు గానీ, మీ బాధ అడిగినందుకు కాదు. వాళ్లు మిమ్మల్ని అడిగారే తప్ప మీకు ఏమీ చెప్పలేదు.

పాత పంతులు
నా బాధ ఏదో నాకు తెలుసులెండి.

గోదారమ్మ
కోపం వద్దండి మాస్టారూ. హన్మకొండ గారూ, ప్రారంభోత్సవం ఎన్నింటికి, ఉపన్యాసం ఎన్నింటికి, ఆయన తిరుగు రైలు ఎన్నింటికి?

హన్మకొండ_తెలుగు
పదింటికి ప్రారంభోత్సవం, పదకొండింటికి కీలకోపన్యాసం అని కార్డులో అచ్చయింది. ఆయన గురువారం మధ్యాహ్నం దిగి, శుక్రవారం మూడింటి లోపల స్టేషన్‌లో ఉండాలట. కానీ నిన్ననే ఎమ్మెల్యే గారు వస్తామన్నరు. ఎన్నింటికొస్తరో ఎవరికీ తెల్వదు. ఈ సంగతి వక్తకు చెప్పొద్దని, చెప్తే రానంటరని మా ప్రిన్సిపల్ సార్ అంటున్నరు.

బిల్లు బాధితుడు
హహ. తెలిసిందే.

పాత పంతులు
చూశారా? స్లైడ్ కావాలి, నిజం మాత్రం చెప్పరు.

గోదారమ్మ
చెప్పాలండి, చెప్పి తీరాలి. ఆలస్యమైతే దేన్ని తగ్గించాలో ఆయన్నే అడగండి. అరగంటే మిగిలితే ఏ వీడియో వదిలేస్తారు, ఏ భాగం తప్పక చెబుతారు అని. వారం ముందైతే ఆయన ఇంట్లో కూర్చుని రెండో పద్ధతి సిద్ధం చేసుకుంటారు. వేదిక మీద చీటీ అందితే తోచింది చెప్పి దిగిపోతారు. అసలు ఎమ్మెల్యే గారి కోసం ఎదురుచూడకుండా పదిన్నరకే ఉపన్యాసం మొదలుపెట్టి, ఆయన వచ్చాక జ్యోతి వెలిగిస్తే ఏం పోతుందట?

సీమ సుబ్బడు
అమ్మా, మీరు ఏ కాలేజీలో పనిచేస్తారో గానీ, అట్ల చేస్తే ప్రిన్సిపల్ బదిలీ అయిపోతాడు. ఆ పొద్దు ఉన్నింది ఉన్నట్టు సర్దుకోవాల. ముందే చెప్పి భయపెట్టడం ఎందుకు?

గోదారమ్మ
భయపెట్టడం కాదండి. మూడింటి రైలు తప్పితే ఆయన్ని రాత్రికి ఎక్కడ పెడతారు?

మైక్‌సెట్ అన్న
స్టేషన్ అంటే యాదికొచ్చింది. ఏ స్టేషన్? కాజీపేటనా, వరంగలా? ఢిల్లీ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయితే కాజీపేటల దిగాలె, అది వరంగల్ స్టేషన్‌కు రానే రాదు. తమిళనాడు ఎక్స్‌ప్రెస్ అయితే వరంగల్ల దిగాలె. మీ ఊరు వరంగల్ అని చెప్తిరి, డ్రైవర్ వరంగల్ పోయి నిలబడతడు, సారు కాజీపేటల బ్యాగు పట్టుకొని నిలబడతడు.

హన్మకొండ_తెలుగు
కాజీపేట అనుకుంటున్న. టికెట్ ఫొటో అడుగుత.

పాత పంతులు
ఫోన్ మీరే చేయండి, విద్యార్థి చేత కాదు. డ్రైవరు నంబరు ఆయనకివ్వండి, ఆయన నంబరు డ్రైవరుకివ్వండి. గది మేడమీదో, కిందో చెప్పండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సిగ్గుపడి అడగరు. ఎమ్మెల్యే సంగతి మొదటే చెప్పండి. అవన్నీ చెప్పాక స్లైడ్ అడిగితే, ఇస్తే ఇస్తారు.

గోదారమ్మ
అదే కదండీ నేనూ అంటున్నది.

పాత పంతులు
మీరు మొదట స్లైడ్ అన్నారు.

హన్మకొండ_తెలుగు
ఇప్పుడే మాట్లాడిన. కాజీపేటే. సొంత ల్యాప్‌టాప్ తెస్తరట, అను ఫాంటే, బీరప్ప కథ వీడియో రెండు ముక్కలు చూపిస్తరట. స్లైడ్ నేను అడగకముందే వాట్సాప్‌ల పెట్టిన్రు. ఎమ్మెల్యే సంగతి చెప్పిన, ప్రిన్సిపల్ సార్‌కు చెప్పకుండ. "చూద్దాం" అన్నరు, ఇంకేం అనలే.

సీమ సుబ్బడు
"చూద్దాం" అంటే రాడు. నేను ముందే చెప్తిని.

పాత పంతులు
"చూద్దాం" అంటే ఉపన్యాసం తగ్గించి రాసుకుంటాడు. మాకు అలవాటే.

మైక్‌సెట్ అన్న
గురువారం సాయంత్రం సారు దిగినంక ఆ ల్యాప్‌టాప్‌ను హాల్ల ఒక్కసారి పెట్టి చూడాలె. తాళం ఎవరి దగ్గరుంది?

హన్మకొండ_తెలుగు
పీడీ సార్ దగ్గర. ఆయన పిల్లలను తీసుకొని టోర్నమెంట్‌కు పోయిండు, శుక్రవారం పొద్దుగాల వస్తడట. రెండో తాళం ఆఫీసుల ఉందేమో రేపు అడుగుత.