అప్‌డేట్: భోజనాల సీన్ కుదిరింది

నా ప్రశ్న: "నాన్న, అమ్మ, కొడుకు, కోడలు, కూతురు భోంచేస్తూ పొలం అమ్మకం గురించి మాట్లాడుకునే సీన్. ఎవరు ఏం అంటున్నారో తెలియడం లేదు, మాటలు ఎటూ పోవడం లేదు. ఏం చేయాలి?"

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. సీన్ పూర్తయింది.

బాగా పనిచేసింది "ఒకసారికి ఇద్దరే మాట్లాడాలి" అన్న సలహా. దాన్ని వడ్డనతో కలిపాను. పప్పన్నం దగ్గర కొడుకు అమ్మేద్దామంటాడు, నాన్న వద్దంటాడు. అమ్మ పులుసు వడ్డిస్తూ "ఏమండీ, ముందు తినండి" అని అడ్డుపడితే, కోడలు అందుకుని "మామయ్యా, అప్పు సంగతి కూడా చూడాలి కదా" అంటుంది. పెరుగు దగ్గర, అప్పటిదాకా నోరు విప్పని కూతురు "అన్నయ్యా, అడ్వాన్స్ తీసుకున్నావని చెప్పవేం?" అంటుంది. సీన్ అక్కడే ఆపేశాను. ఆ ప్రశ్న వైపు నడిపించని మాటలన్నీ, పెళ్లి కబుర్లతో సహా, తీసేశాను.

వరసలే సగం పని చేశాయి. "మామయ్యా" అంటే కోడలే, "ఏమండీ" అంటే ఇక్కడ అమ్మే. "నాన్నా" అని మాత్రం అన్నాచెల్లెళ్లిద్దరూ పిలుస్తారు కాబట్టి అక్కడ "అన్నాడు", "అంది" ఉంచక తప్పలేదు.

ఒక్కొక్కరికీ ఊతపదం పెట్టడం నా సీన్‌కి అవసరం పడలేదు. పెట్టి చూస్తే గొడవ మీద కాక ఊతపదం మీదే దృష్టి పోయింది.