18,600 ఇన్‌కమ్ ట్యాక్స్ రీఫండ్ రావాల్సింది, 11,590 వచ్చింది. ఇంటిమేషన్‌లో ఏముందో మనవరాలితో చదివించుకున్నాను

తెనాలిమామ్మ
నమస్కారమండీ. నా వయసు 71. చెప్తున్నది నేను, టైపు చేస్తున్నది మా మనవరాలు. మావారు 2024 ఫిబ్రవరిలో పోయారు. నాకు నెలకి 31,000 ఫ్యామిలీ పెన్షన్, ఇంకా రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద వడ్డీ వస్తాయి. 2025 ఆగస్టులో మా వీధి చివర ఇంటర్నెట్ షాపు అబ్బాయి రిటర్న్ వేశాడు. రూ.18,600 వెనక్కి వస్తాయన్నాడు. అక్టోబర్‌లో ఫోన్‌కి "143(1) కింద ఇంటిమేషన్ పంపాము" అని మెసేజ్ వచ్చింది. ఏ కేసో పెట్టారని రాత్రంతా నిద్ర లేదు. శని, ఆదివారాలకి వచ్చిన మనవరాలు చూసి, "అమ్మమ్మా, 143 అంటే మా కాలేజీలో వేరే అర్థం" అని నవ్వింది.

ఈమెయిల్‌లో పిడిఎఫ్ వచ్చింది కానీ తెరుచుకోలేదు. పాన్ నంబర్ చిన్న అక్షరాల్లో, దాని వెంటనే పుట్టిన తేదీ కొట్టాలట. నేను పుట్టింది దసరా రోజుల్లో. ఆ తేదీ కొడితే తప్పంటుంది. అరగంట కుస్తీ పట్టాక గుర్తొచ్చింది, బళ్ళో వేసేటప్పుడు మా నాన్నగారు జూలై 1 అని రాయించారు, పాన్ కార్డులోనూ అదే ఉంది. దానితో తెరుచుకుంది. ఇలా కొట్టాలి (నంబర్ నాది కాదు, నమూనా):

```
abcpe1234f01071954
```

లోపల ప్రతి వరుసకీ రెండు గడులున్నాయి. ఒకటి మేం రిటర్న్‌లో రాసింది, రెండోది ట్యాక్స్ ఆఫీసు వాళ్ళు లెక్కకట్టింది. మనవరాలు ప్రింటు తీయించి, స్కేలు అడ్డంగా పెట్టి ఒక్కో వరుసా కిందికి జరుపుతూ చదివింది. పెన్షన్ 3,72,000, వడ్డీ 1,86,000, ఫ్యామిలీ పెన్షన్ తగ్గింపు 25,000, మొత్తం ఆదాయం 5,33,000. రెండు గడుల్లోనూ ఇవే. పన్ను 11,650 అని వేసి, రిబేటు అని అంతా కొట్టేశారు, కట్టాల్సింది సున్నా. స్కేలు టీడీఎస్, అంటే వడ్డీలోంచి బ్యాంకు ముందే కోసిన పన్ను, ఆ వరుస దగ్గర ఆగింది. మా గడిలో 18,600, వాళ్ళ గడిలో 11,200.

పిల్ల కాసేపు గోళ్ళు కొరుక్కుని, "తేడా 7,400. నీ రెండో డిపాజిట్ వడ్డీ 74,000 కదా, సరిగ్గా పది శాతం" అంది. ఆ డిపాజిట్ మా ఇద్దరి పేరు మీదా ఉంది. వడ్డీ నాదని లెక్కలో ఒప్పుకున్నారు. దాని మీద కోసిన పన్ను మాత్రం నాది కాదంటారేమిటి? ఎవరినడగాలి?

పన్నుపోటు
అమ్మా, మీ పేరు మీద ఎప్పటిదో పాత బాకీ ఉండి ఉంటుంది, అందులోకి సర్దేశారు. సెక్షన్ 245 అంటారు. నాకూ అలాగే కోసేశారు. పోర్టల్‌లో పెండింగ్ డిమాండ్ చూసుకోండి.

లెక్కలమాస్టారు
పన్నుపోటు గారూ, పాత బాకీకి సర్దితే కోత రీఫండ్ లెక్క తేలాక కింద కనిపిస్తుంది. దానికి ముందు నోటీసు ఇచ్చి, జవాబుకి 21 రోజులు టైమ్ కూడా ఇస్తారు. ఇక్కడ తేడా పైనే, టీడీఎస్ వరుసలోనే వచ్చింది. అంటే ఆ 7,400 మామ్మగారి పాన్ కింద ఎవరూ జమ చెయ్యలేదు.

మామ్మగారూ, రెండు విషయాలు చెప్పండి. ఆ జాయింట్ డిపాజిట్‌లో మొదటి పేరు ఎవరిది? మీ పాన్ కింద జమైన పన్నులు చూపించే ఫారం 26ఏఎస్‌లో ఆ 7,400 కనిపిస్తోందా?

డాలస్_రవి
మా అమ్మకి కూడా రీఫండ్ రాలేదండీ. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకులో పొడి అక్షరం ఒక్కటే. అకౌంట్ వ్యాలిడేట్ కాలేదని డబ్బు వెనక్కి పోయింది. నేను ఇక్కణ్ణుంచి మూడు రాత్రులు కూర్చుని పేరు సరిచేయించి, రీఫండ్ మళ్ళీ పంపమని పోర్టల్‌లో రిక్వెస్ట్ పెట్టాను. మీరూ ముందు అకౌంట్ వ్యాలిడేషన్ చూసుకోండి.

తెనాలిమామ్మ
రవి బాబూ, నాకు డబ్బు వచ్చింది నాయనా, తక్కువొచ్చింది.

మాస్టారూ, మీరు అడిగినవి చూశాం. రశీదు మీద మొదటి పేరు ఆయనది, రెండోది నాది. నా 26ఏఎస్‌లో నా సొంత డిపాజిట్ తాలూకు 11,200 మాత్రమే ఉంది. బీరువాలో ఆయన ఫైలు తీస్తే బ్యాంకు వాళ్ళు పంపిన ఫారం 16ఏ దొరికింది, ఆయన పేరు, ఆయన పాన్. మనిషి పోయి ఏడాది దాటాక ఆయన పేరున పన్ను కట్టినట్టు కాగితం వచ్చింది. కవరు విప్పకుండా ఆయన ఫైల్లో పెట్టేసింది నేనే.

కౌంటర్‌నంబర్3
నేను బ్యాంకులోనే పనిచేస్తాను (ఆ బ్యాంకు కాదు లెండి). జాయింట్ డిపాజిట్‌లో వడ్డీ ఎవరి ఖాతాలోకి వెళ్ళినా టీడీఎస్ మాత్రం మొదటి పేరు వాళ్ళ పాన్ కిందే పడుతుంది, సిస్టమ్ అంతే. పోయిన సంగతి మాకు ఎవరో వచ్చి చెప్పాలి, దానంతట అది తెలియదు. మామ్మగారూ, పెన్షన్ మార్పించుకున్నప్పుడు ఈ బ్రాంచిలో కూడా డెత్ సర్టిఫికెట్ ఇచ్చారా?

తెనాలిమామ్మ
లేదు బాబూ. ఆ డిపాజిట్ గడువు 2026 దాకా ఉందని కదపలేదు.

లెక్కలమాస్టారు
అయితే సంగతి తేలినట్టే. ఆయన 2024 ఫిబ్రవరిలో పోయారు కాబట్టి ఆ ఏప్రిల్ నుంచి వచ్చిన వడ్డీ ఆయన ఆదాయం కాదు. మీరు మీ ఆదాయంలో చూపించారు, అది సరైన పనే. పన్ను మాత్రం ఆయన పాన్ కింద ఇరుక్కుంది. షాపు అబ్బాయి రెండు టీడీఎస్‌లూ కలిపి మీ పాన్ కింద అడిగేశాడు. కంప్యూటర్ 26ఏఎస్‌తో పోల్చి, ఉన్నంతే ఇచ్చింది.

ఇంకో పొరపాటు కూడా ఉంది. వేరొకరి పాన్ మీద కోసిన టీడీఎస్ తాలూకు ఆదాయం మీకుంటే రిటర్న్ ఐటీఆర్-1 ఫారంలో వెయ్యకూడదు. ఐటీఆర్-2 వెయ్యాలి. అందులో టీడీఎస్ పట్టికలో క్రెడిట్ నాదా, వేరొకరిదా అని అడుగుతుంది. వేరొకరిది అని పెట్టి, మీవారి పాన్ రాసి, 74,000 వడ్డీ, 7,400 పన్ను చూపించాలి. ఈ ఏడాది రివైజ్డ్ రిటర్న్‌కి డిసెంబర్ 31, 2025 దాకా గడువుంది. ఇంటిమేషన్ వచ్చేసినా రివైజ్ చెయ్యొచ్చు. అదే మీకు పంపిన లెక్కని సరిచెయ్యమని రెక్టిఫికేషన్ పెడితే లాభం లేదు, మీ 26ఏఎస్ మారలేదు కాబట్టి మళ్ళీ అదే జవాబు వస్తుంది.

పన్నుపోటు
ఇంత తిప్పలెందుకు? మామ్మగారు లీగల్ హెయిర్‌గా పోర్టల్‌లో రిజిస్టర్ అయి, మావయ్యగారి పేరునే రిటర్న్ వేసి 7,400 తెచ్చుకోవచ్చు కదా. మా ఆఫీసులో ఒకాయన అలాగే చేశాడు, డబ్బు కూడా వచ్చింది.

లెక్కలమాస్టారు
మీ ఆఫీసాయన విషయంలో చనిపోయిన వ్యక్తి ఆ సంవత్సరంలో కొన్నాళ్ళు బతికున్నారేమో కనుక్కోండి. ఉంటే ఆ రిటర్న్ వెయ్యాల్సిందే. ఇక్కడ ఏప్రిల్ నాటికే ఆయన లేరు. లేని మనిషికి ఆ ఏడాది ఆదాయం ఉందని రాసి, అదే వడ్డీని మామ్మగారి రిటర్న్‌లో మళ్ళీ రాస్తే రెండు చోట్లా ఒకే ఆదాయం అవుతుంది. డబ్బు రావచ్చు, నేను కాదనను. నేనైతే సంతకం పెట్టను.

పన్నుపోటు
మా ఆఫీసాయన వాళ్ళ మనిషి జూలైలో పోయారట. సరే, మీ మాటే. కానీ ఐటీఆర్-2లో పెట్టినంత మాత్రాన వాళ్ళు ఇస్తారని గ్యారంటీ ఏముంది?

లెక్కలమాస్టారు
గ్యారంటీ లేదు. నేను చూసినవాటిలో కొన్నిటికి నేరుగా వచ్చింది, కొన్నిటిని మళ్ళీ ఆపారు. అందుకే బ్యాంకుని కూడా అడగాలి. రూల్ 37బీఏ ప్రకారం ఆ వడ్డీ ఫలానా వారిదని పేరు, చిరునామా, పాన్, కారణం రాసి డిక్లరేషన్ ఇస్తే, బ్యాంకు తన టీడీఎస్ స్టేట్‌మెంట్‌ని సరిచేసి మీ పాన్ కింద చూపించొచ్చు. చిక్కేమిటంటే ఆ డిక్లరేషన్ ఎవరి పాన్ మీద కోశారో వాళ్ళివ్వాలి. ఆయన లేరు. వారసురాలిగా మీరు ఇస్తే తీసుకుంటారా అన్నది ఆ బ్రాంచిని బట్టి ఉంటుంది.

కౌంటర్‌నంబర్3
మా దగ్గరైతే హెడ్ ఆఫీసుకి పంపాలి. ఎన్నాళ్ళు పడుతుందో నేను చెప్పలేను. ముందు డిపాజిట్ మీ పేరుకి మార్పించుకోండి, లేకపోతే ఈ ఏడాది కూడా ఇదే కథ. మార్చాక, టీడీఎస్ కొయ్యొద్దని ఫారం 15హెచ్ ఇవ్వండి. 2025 ఏప్రిల్ నుంచి సీనియర్లకి ఒక బ్యాంకులో వడ్డీ లక్ష దాటితేనే టీడీఎస్ కోస్తారు, కానీ మీ రెండూ ఒకే బ్యాంకైతే లక్ష దాటేస్తుంది.

తెనాలిమామ్మ
ఒకే బ్యాంకే. సోమవారం వెళ్తాం. ఇంకొక్కటి. మనవరాలు నన్నడిగింది, నాకు చెప్పడం రాలేదు. టీడీఎస్ 11,200 ఒప్పుకుంటే అకౌంట్‌లో 11,590 ఎలా పడింది?

లెక్కలమాస్టారు
ఆ పైది ఆలస్యానికి వాళ్ళు మీకిచ్చిన వడ్డీ, సెక్షన్ 244ఏ. నెలకి అర శాతం, నెలలో ఒక్కరోజున్నా పూర్తి నెల కిందే లెక్క. గడువులోగా రిటర్న్ వేశారు కాబట్టి ఏప్రిల్ 1 నుంచి మొదలు. అక్టోబర్‌లో ఇచ్చారంటే ఏడు నెలలు, మూడున్నర శాతం. 11,200 మీద 392. మొత్తం 11,592, దాన్ని పదులకి సర్ది 11,590. ఆ 392 వచ్చే రిటర్న్‌లో వడ్డీ ఆదాయంగా రాయించండి, చాలామంది మర్చిపోతారు.

తెనాలిమామ్మ
(రెండు వారాల తర్వాత) బ్యాంకుకి వెళ్ళొచ్చామండీ. డిపాజిట్ నా పేరుకి మార్చారు, డెత్ సర్టిఫికెట్, రశీదు, నా ఆధార్ తీసుకున్నారు. 15హెచ్ కూడా ఇచ్చాను. 37బీఏ ఉత్తరం ఇస్తే మేనేజర్ గారు రెండుసార్లు చదివి, "ఇలాంటిది నా దగ్గరికి ఎప్పుడూ రాలేదమ్మా" అని అక్‌నాలెడ్జ్‌మెంట్ స్టాంపు వేసిచ్చారు. అంతే. రివైజ్డ్ రిటర్న్ ఐటీఆర్-2లో మనవరాలే వేసింది, ఆధార్ ఓటీపీతో వెరిఫై కూడా చేసింది. షాపు అబ్బాయికి చూపిస్తే, వచ్చే ఏడు దాన్ని షాపులో కూర్చోమంటున్నాడు. రీఫండ్ సంగతి ఇంకా "ప్రాసెసింగ్" అనే చూపిస్తోంది.

నల్లగొండ_శైలజ
ఇదంతా చదివి మా అమ్మ రశీదులు తీసి చూశాను. మూడింట్లో రెండిటికి నాన్న పేరే ముందుంది, నాన్న పోయింది 2022లో. ఇవి పోస్టాఫీసువి. అక్కడ కూడా 37బీఏ ఉత్తరం తీసుకుంటారా, ఎవరైనా ఇచ్చినవాళ్ళున్నారా?