“వలయం చుట్టూ ప్రసరణ స్థిరం”: ఈ వాక్యంలో స్థిరంగా ఉండేది ఏమిటి?

అనువాదకురాలు: ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం ద్రవగతిశాస్త్ర పాఠాలను తెలుగు చేస్తున్నాను. కెల్విన్ సిద్ధాంతం దగ్గర నేను రాసుకున్న వాక్యం ఇది: “స్నిగ్ధత లేని ప్రవాహంలో పదార్థ వలయం చుట్టూ ప్రసరణ స్థిరంగా ఉంటుంది.” వ్యాకరణపరంగా తప్పేమీ కనిపించలేదు. అయితే చదివి చూడమని ఇద్దరికి ఇచ్చినప్పుడు, ఒకరు వలయం పొడవునా ప్రతి బిందువు దగ్గరా నీటి వేగం ఒకటే అని అర్థం చేసుకున్నారు, మరొకరు వలయానికి బయట నీరు తిరుగుతోందని అనుకున్నారు. ఈ రెండూ సిద్ధాంతం చెప్పే మాటలు కావు. “చుట్టూ”, “ప్రసరణ”, “స్థిరం”, “పదార్థ వలయం” అనే నాలుగు మాటల్లో దేన్ని మార్చాలో సభ్యులు చెప్పగలరా?

తెలుగు ఉపాధ్యాయుడు: అమ్మా, ఇక్కడ ఇబ్బంది “ప్రసరణ” దగ్గరే ఉందని నా అభిప్రాయం. రక్త ప్రసరణ అన్నప్పుడు రక్తం గుండె నుంచి బయలుదేరి ఒళ్లంతా తిరిగి మళ్లీ గుండెకు చేరుతుంది. ఆ మాట వినగానే ఏదో ఒకటి గుండ్రంగా తిరిగి మొదటికి వస్తోందన్న భావన కలగడం సహజం. మీ సిద్ధాంతంలోనూ నీరు వలయం వెంట తిరుగుతూ ఉంటే “పరిభ్రమణం” అనవచ్చు, అది ఇంకా స్పష్టంగా ఉంటుంది.

విశ్రాంత ఆచార్యుడు: మాస్టారు, “పరిభ్రమణం” పెడితే పొరపాటు మరింత బలపడుతుంది, ఎందుకంటే ఈ రాశికి విలువ ఉండాలంటే ఏదీ గుండ్రంగా తిరగనక్కరలేదు. ఒక కాలువను తీసుకోండి. నీరు నేరుగా ముందుకే పోతోంది, పైపొర సెకనుకు 0.6 మీటరు వేగంతోనూ, అడుగుకు దగ్గరలో ఒక పొర 0.2 మీటరు వేగంతోనూ కదులుతున్నాయి, మధ్యలో వేగం క్రమంగా మారుతోంది. ఆ నీటిలో నిలువుగా ఒక దీర్ఘచతురస్రాన్ని ఊహించి, పై అంచును, కింది అంచును ఒక్కొక్క మీటరు పొడవు పెట్టుకోండి. వలయం వెంట ఒక దిశలో నడుస్తూ, ప్రతి చిన్న ముక్క దగ్గర నీటి వేగంలో మన నడక దిశకు చెందిన భాగాన్ని ఆ ముక్క పొడవుతో గుణించి కలుపుతూ పోవాలి. పై అంచు మీద నీటితో పాటు నడిస్తే 0.6 వస్తుంది. కింది అంచు మీద నీటికి ఎదురు నడుస్తాం కాబట్టి 0.2 తీసివేయాలి. నిలువు అంచుల మీద నీరు మన నడకకు అడ్డంగా పోతుంది, కనుక వాటి వాటా సున్నా. మొత్తం 0.4 చదరపు మీటర్లు ప్రతి సెకనుకు. నీటిబొట్టు ఒక్కటి కూడా వెనక్కి తిరగలేదు, అయినా ఈ విలువ సున్నా కాదు. ఇది ఒక కూడికకు పెట్టిన పేరు మాత్రమే.

ఇప్పుడు ఆ దీర్ఘచతురస్రం నీటికి రంగు వేసి గీసినదని అనుకుని, 10 సెకన్లు ఆగి చూడండి. పై అంచు 6 మీటర్లు, కింది అంచు 2 మీటర్లు జరుగుతాయి. నిలువు అంచులు రెండూ ముందుకు బాగా వాలిపోతాయి. వలయం పొడవు పెరిగింది, ఆకారం గుర్తుపట్టలేనట్టు మారింది. మళ్లీ కూడండి. వాలిన అంచుల మీద ఇప్పుడు నీటి వేగానికి వాటా ఉంటుంది, కానీ ఒక అంచు మీద పైకి, రెండో అంచు మీద కిందికి నడుస్తాం, రెండింటి మీదా వేగాలు ఒకే తీరున ఉన్నాయి, అందువల్ల ఆ రెండు వాటాలూ కొట్టుకుపోతాయి. మిగిలేది 0.6 నుంచి 0.2 పోగా అదే 0.4. కెల్విన్ 1869లో అచ్చయిన తన సుడుల వ్యాసంలో చెప్పినది ఈ మాటే, ఎంత వంకర వలయానికైనా వర్తించేలా చెప్పాడు. ఇక్కడ “స్థిరం” అంటే వలయం మీద చోటు మారినా మారనిది అని కాదు, కాలం గడిచినా మారనిది అని.

ఇంజినీరింగ్ విద్యార్థి: నమస్కారం సార్. ఇందులో నాకు రెండు సందేహాలు ఉన్నాయి. కాలువలో ప్రవాహం నిలకడగా ఉంది కనుక, వలయాన్ని నీటితో పంపకుండా ఒకే చోట గీసి ఉంచినా 0.4 అలాగే ఉంటుంది కదా? మరి “పదార్థ వలయం” అని ప్రత్యేకంగా ఎందుకు అనాలి? రెండోది, ఇది కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వమే కదా, చేతులు దగ్గరకు తీసుకున్న నర్తకి వేగంగా తిరిగినట్టు? దాన్నే ఇంకో పేరుతో చెప్పడం ఎందుకు?

విశ్రాంత ఆచార్యుడు: మొదటి సందేహం సరైనది. కాలువ ఉదాహరణ ఆ తేడాను చూపించదు. అడుగున రంధ్రం ఉన్న గుండ్రని తొట్టిని తీసుకుందాం. మూత తీయక ముందు నీరంతా కలిసికట్టుగా మెల్లగా తిరుగుతోంది, కేంద్రం నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో సెకనుకు 1 సెంటీమీటరు, 1 సెంటీమీటరు దూరంలో 0.1 సెంటీమీటరు వేగం ఉన్నాయి. పెద్ద వృత్తం మీద కూడిక సుమారు 63, చిన్న వృత్తం మీద సుమారు 0.63 చదరపు సెంటీమీటర్లు ప్రతి సెకనుకు. మూత తీశాక పెద్ద వృత్తంలోని నీరు లోపలికి జరిగి, కొంతసేపటికి చిన్న వృత్తం ఉన్న చోటికి చేరుతుంది. నీటితో వచ్చిన వలయం మీద విలువ 63 గానే ఉంటుంది, చుట్టుకొలత పదో వంతుకు తగ్గింది కాబట్టి వేగం పది రెట్లై సెకనుకు 10 సెంటీమీటర్లు అవుతుంది. అదే చోట కదలకుండా నిలిచిన చిన్న వలయాన్ని చూస్తే మాత్రం దాని మీద విలువ 0.63 నుంచి 63కి, అంటే నూరు రెట్లు పెరిగింది. సిద్ధాంతం హామీ ఇచ్చేది మొదటి వలయానికే.

రెండో సందేహంలో సగం నిజం ఉంది. తొట్టి గుండ్రంగా, వలయం అదే కేంద్రం చుట్టూ ఉన్నప్పుడు రెండు నియమాలూ ఒకే జవాబు ఇస్తాయి. కోడిగుడ్డు ఆకారపు అడ్డుకోత ఉన్న పాత్రలో నిశ్చలమైన ఆదర్శ ప్రవాహిని నింపి, పాత్రను తిప్పండి. స్నిగ్ధత లేదు కాబట్టి గోడ నీటిని రాచి లాగలేదు, కానీ గుండ్రంగా లేని గోడ తన పీడనంతో నీటిని పక్కకు నెడుతుంది, అందువల్ల నీటికి కోణీయ ద్రవ్యవేగం వస్తుంది. అయినా లోపల ఏ వలయాన్ని తీసుకున్నా ప్రసరణ మొదట్లాగే సున్నా. ఒకటి మారింది, మరొకటి మారలేదు. కాబట్టి అవి ఒకే నియమం కావు.

విద్యార్థి: పీడనం కోణీయ ద్రవ్యవేగాన్ని మార్చగలిగి, ప్రసరణను మార్చలేకపోవడానికి కారణం ఏమిటి సార్? అది తెలిస్తే తక్కినవన్నీ పట్టుబడతాయని అనిపిస్తోంది.

విశ్రాంత ఆచార్యుడు: సింహాచలం గిరి ప్రదక్షిణను తలచుకోండి. తొలి పావంచా దగ్గర బయలుదేరి కొండ చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే చేరతారు. దారిలో ఎన్ని ఎత్తులు ఎక్కినా, ఎన్ని పల్లాలు దిగినా, ఎక్కినదానిలోంచి దిగినది తీసివేస్తే సున్నాయే మిగలాలి, ఎందుకంటే మొదటి మెట్టుకు ఒకే ఎత్తు ఉంటుంది. సాంద్రత అంతటా ఒకటే అయితే పీడన బలం వలయం ఏ ముక్కను ఎంత లాగుతుందో అన్నది ఆ ముక్క రెండు కొసల మధ్య పీడన భేదాన్ని బట్టే ఉంటుంది. వలయమంతా కలిపితే బయలుదేరిన చోటికే వస్తాం, మొత్తం సున్నా. గురుత్వాకర్షణకూ ఇదే లెక్క.

వలయం సాగడం వల్ల వచ్చే మార్పు ఇంకొకటి ఉంది. చాలామంది దాన్ని వదిలేస్తారు. ఒక ముక్క ఎంత సాగుతుందో, ఎటు తిరుగుతుందో దాని రెండు కొసల వేగాల తేడా నిర్ణయిస్తుంది. ఆ తేడాను అక్కడి వేగంతో గుణిస్తే వచ్చేది వేగ వర్గంలో సగం ఎంత మారిందన్నదే. ఇది కూడా ఎత్తుపల్లాల వంటిదే, చుట్టి వస్తే సున్నా. వలయం ప్రవాహితో పాటు కదిలినప్పుడే కొసలకు ఆ వేగాలు ఉంటాయి, అందుకే ఆ షరతు అక్కర్లేని అలంకారం కాదు.

భీమిలి నుంచి ఒక సభ్యుడు: నేను భౌతికశాస్త్రం వాడిని కాదు, సముద్రపు ఒడ్డున పెరిగినవాడిని. మా దగ్గర వేసవిలో పొద్దున్నే గాలి కదలదు, పదకొండు దాటేసరికి సముద్రం మీద నుంచి నేలకు గాలి మొదలవుతుంది, పైన గాలి తిరిగి సముద్రం మీదికి పోతుందని చదివాను. అది నిజంగానే తిరిగే గాలి. పొద్దున సున్నా, మధ్యాహ్నం సున్నా కాదు. మరి ఆ ప్రసరణ ఎక్కడి నుంచి పుట్టింది? స్నిగ్ధత పుట్టించిందంటారా?

విశ్రాంత ఆచార్యుడు: స్నిగ్ధత కాదండీ. మీరు పట్టుకున్నది అనువాదకురాలి వాక్యంలో నేను కూడా గమనించకుండా దాటిపోయిన లోపాన్ని. స్నిగ్ధత లేకపోవడం ఒక్కటే చాలదు, సాంద్రత పీడనాన్ని బట్టి మాత్రమే మారాలి. మీ తీరంలో ఒకే పీడనం దగ్గర నేల మీది గాలి వేడిగా, తేలికగా ఉంటుంది, సముద్రం మీది గాలి చల్లగా, బరువుగా ఉంటుంది. గిరి ప్రదక్షిణలో ఎక్కేటప్పుడు ఒక కొలబద్దతోనూ, దిగేటప్పుడు వేరే కొలబద్దతోనూ కొలిచినట్టు, ఆ కూడిక సున్నాకు రాదు. నార్వే శాస్త్రవేత్త బ్యెర్క్‌నెస్ 1898లో కెల్విన్ సిద్ధాంతాన్ని ఈ సందర్భానికి విస్తరించాడు.

లెక్క వేసి చూద్దాం. తీరానికి అడ్డంగా 30 కిలోమీటర్ల పొడవు, కింద 1000 హెక్టాపాస్కళ్ల పీడనం నుంచి పైన 950 వరకు, అంటే సుమారు 450 మీటర్ల ఎత్తు ఉన్న వలయం. రెండు పక్కల సగటు ఉష్ణోగ్రతల తేడా 5 డిగ్రీలు. ప్రసరణ పెరిగే రేటు గాలి వాయు స్థిరాంకం 287ను, ఆ పీడనాల నిష్పత్తి సహజ లాగరిథం 0.051ను, 5ను గుణిస్తే వస్తుంది, సుమారు 73. దాన్ని వలయం చుట్టుకొలత 61,000 మీటర్లతో భాగిస్తే సగటు త్వరణం దాదాపు 0.0012. నిశ్చలంగా మొదలైతే గంటకు గాలి వేగం సెకనుకు 4.3 మీటర్లకు చేరాలి. ఇదే లెక్కను సాయంత్రం దాకా సాగదీస్తే మాత్రం అసాధ్యమైన వేగాలు వస్తాయి. నేల రాపిడి అడ్డుకుంటుంది, చల్లగాలి లోపలికి వచ్చి ఉష్ణోగ్రతల తేడానే తగ్గిస్తుంది. ఇక్కడ రాపిడి ప్రసరణను పుట్టించేది కాదు, అణిచేది.

అనువాదకురాలు: అయితే వాక్యాన్ని ఇలా తిరగరాస్తున్నాను: “స్నిగ్ధత లేని, సాంద్రత పీడనాన్ని బట్టి మాత్రమే మారే ప్రవాహిలో, గురుత్వాకర్షణ వంటి బలాలే పనిచేస్తున్నప్పుడు, ప్రవాహితో పాటు కదిలే ఏ మూసిన వలయం వెంబడి లెక్కించిన ప్రసరణ అయినా కాలంతో మారదు.” పొడుగైంది గాని, తప్పుగా చదవడానికి తావు తగ్గిందనుకుంటాను.

తెలుగు ఉపాధ్యాయుడు: “వెంబడి” బాగుంది, “చుట్టూ” కన్నా నయం. “పరిభ్రమణం” అన్న నా సూచనను వెనక్కి తీసుకుంటున్నాను. అయినా “ప్రసరణ” మీద నా అభ్యంతరం పోలేదు, కాలువ ఉదాహరణ విన్నాక ఇంకా పెరిగింది. ఏదీ తిరగని చోట ఆ మాట ఎలా పొసుగుతుంది?

విశ్రాంత ఆచార్యుడు: ఆ అభ్యంతరం ఇంగ్లీషు మాటకూ వర్తిస్తుంది మాస్టారు. పాఠంలో ముందు కాలువ ఉదాహరణ ఇచ్చి, తరవాత “ప్రసరణ” అన్న పేరు పెట్టడం మంచిదని నేను అంటాను. “పదార్థ వలయం” అన్న మాటను మాత్రం వదిలేయమంటాను, ఇనుప తీగతో చేసిన రింగు అనుకునే ప్రమాదం ఉంది.

విద్యార్థి: సార్, మా క్లాసులో ఆ ప్రమాదం నిజంగానే జరిగింది. తీగ రింగును నీళ్లలో వేస్తే అది సాగదు కదా, మరి వలయం పొడవు ఎలా పెరుగుతుందని ఒకరు అడిగారు.

అనువాదకురాలు: “ప్రవాహితో కదిలే వలయం” అని ప్రతిసారీ రాస్తే పేజీ నిండిపోతుంది. “సహగామి వలయం” అంటే విద్యార్థులకు అందుతుందా, మరీ బరువవుతుందా?