కన్సార్ట్ 2010 చెక్‌లిస్టులో 9, 10 అంశాలు: కవర్ల గురించి ఏం రాయాలి?

రెండు గ్రూపుల ట్రయల్, 120 మంది రోగులు, బ్లైండింగ్ లేదు. పేపర్ పంపే ముందు కన్సార్ట్ 2010 చెక్‌లిస్టు నింపాం. మొదటిసారి పేజీ నంబర్లు మాత్రమే వేస్తే అన్నీ ఉన్నట్టే కనిపించాయి. రెండోసారి ప్రతి అంశం పక్కన పేపర్లోని అసలు వాక్యాన్ని అతికించాం. అప్పుడు తేలింది: 9వ అంశం, అంటే తర్వాతి రోగిది ఏ గ్రూపో ముందే తెలియకుండా ఎలా దాచారు అన్నదాని దగ్గర ఉన్నది "సీల్ చేసిన కవర్లు వాడాం" అన్న ముక్క ఒక్కటే. 10వ అంశం, అంటే జాబితా ఎవరు తయారుచేశారు, రోగుల్ని ఎవరు చేర్చుకున్నారు, గ్రూపు ఎవరు కేటాయించారు అన్నది, అసలు లేదు.

ప్రోటోకాల్, సీటీఆర్‌ఐ నమోదు, కవర్ల రిజిస్టరు మూడూ వెతికాం. వరుస నంబర్లున్న, లోపలిది కనబడని కవర్లని మొదటి రెండింటిలో ఉంది. రిజిస్టరులో నంబర్లు, తెరిచిన తేదీలు ఉన్నాయి గానీ కవరు మందం గురించి ఏమీ లేదు. జాబితా స్టాటిస్టీషియన్‌దే, రోగిని చేర్చుకున్నదీ, కవరు విప్పిందీ మాత్రం ఒకే డ్యూటీ డాక్టరు. పైగా బ్లాక్ సైజు ఎప్పుడూ 4. మొదటి మూడూ తెలిస్తే నాలుగోది ఊహించేయొచ్చు, అదే అసలు గుబులు.

ప్రోటోకాల్ మాటల్నే మెథడ్స్‌లో దించేయడం నాకు సబబుగా లేదు. రివ్యూ చేసినవాళ్లు చెప్పండి: 9వ అంశం కింద ప్రోటోకాల్లో అనుకున్నదీ, రిజిస్టరు రుజువు చేసేదీ విడివిడిగా మెథడ్స్‌లోనే రాయాలా, లేక రుజువు లేని భాగాన్ని పరిమితుల్లో పెట్టాలా?