చెల్లియొనా, చెల్లియోనా? రాయబారం పద్యం మొదటి అడుగు

మధురవాడ (ప్రశ్న అడిగినవారు): పెద్దలకు నమస్కారం. చిన్నప్పటి స్నేహితుడికి వాట్సాప్‌లో ఒక మెసేజ్ రాస్తూ మధ్యలో ఆగిపోయాను. నాన్నగారు పోయాక మా ఇంట్లో పంపకాల గొడవ మొదలైంది. పెద్దల ముందు కూర్చున్న రోజు వీడు మా అన్నయ్య తరఫున మాట్లాడాడు. వీలునామా మీద సాక్షి సంతకం కూడా వీడిదేనని అప్పుడే తెలిసింది. ఆ తరవాత వాడూ ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. తిట్టడానికి రాయడం లేదు. నువ్వు ఎటేపో తేల్చి చెప్పరా అని అడగాలి, అంతే. రాయబారంలో కృష్ణుడి పద్యం చివర 'యేర్పడ జెప్పుము' అని ఉంటుంది కదా, దానితో ముగిద్దామనుకున్నాను. పద్యం మొత్తం రాసి చూస్తే మొదటి పాదమే కుంటుతోంది. 'చెల్లియో చెల్లకో' అని నోటికి వస్తోంది. అది యోనా, యొనా?

మర్రిపాలెం మేష్టారు: యొ. సందేహం అక్కర్లేదు. ఉత్పలమాల మొదటి అడుగులో భగణం పడాలి. మీరు 'యో' అన్నారంటే రగణమైపోయింది, పద్యం గడపలోనే బోర్లా పడింది. వెంటనే వచ్చే 'చెల్లకో' మాత్రం దీర్ఘమే, అక్కడ రగణమే కావాలి. ఇంకో విశేషం చెప్తాను. మూడో పాదం చివర 'సేసెదో', అది దీర్ఘం. నాలుగో పాదంలో 'గూర్చెదవొ', అది హ్రస్వం. ఒకే పద్యంలో ఈ ఒకారాలు నాలుగు, రెండు పొట్టివి, రెండు పొడుగువి. స్టేజీ మీద నాలుగింటినీ పొడుగ్గానే లాగుతారు. మీ చెవికి పట్టింది అదీ.

హార్మోనియం (డాబాగార్డెన్స్): మేష్టారూ, పద్యాన్ని ఊరూరా మోసింది స్టేజీయేనండి. మా నాన్నగారు జీవితమంతా నాటకాలకి హార్మోనియం వాయించారు. 'చెల్లియొ' అని ముక్కు కోసినట్టు ఆపితే జనం ఊరుకుంటారా? అక్కడ కృష్ణుడు కౌరవ సభ మొత్తాన్ని ఒక చూపు చూడాలి. ఆ చూపుకి చోటు ఆ 'యో'లోనే ఉంది.

మర్రిపాలెం మేష్టారు: చూపు 'చెల్లకో' దగ్గర చూడమనండి. కవులు అక్కడ దీర్ఘం ఇచ్చే ఉంచారు.

హార్మోనియం: పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుణ్ణి చూసినవాళ్ళని అడగండి. మన ఉత్తరాంధ్ర మనిషి. పద్యంలో మాట ప్రాణమా, రాగం ప్రాణమా అన్నది ఆయన నోట వింటే తెలిసేది.

అక్కయ్యపాలెం: నాకు తెలియక అడుగుతున్నాను. చెల్లియో అంటే 'ఓ చెల్లీ' అని కాదా? మా ఇంట్లోనూ చెల్లి వాటా దగ్గరే చెడింది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో సవరణ వచ్చాక కూతుళ్ళకీ సమాన హక్కే అని మేం ఎంత చెప్పినా మా పెదనాన్న వినడం లేదు. మీ ఇంట్లో ఆడపిల్లలు ఉన్నారా? ఉంటే వాళ్ళ సంతకాలు లేకుండా ఎక్కడా ముందుకు వెళ్ళకండి.

భీమిలి పంతులమ్మ: బాబూ, ఇక్కడ చెల్లీ లేదు, అక్కా లేదు. చెల్లు అనే క్రియ. అయినా మీ సలహా మంచిదే.

పుస్తకాల పురుగు: అసలు సంగతి వదిలేశారు అందరూ. ఇది తిక్కన పద్యం. ఉద్యోగపర్వం. నాటకం వాళ్ళు దాన్ని తెచ్చి రాగం కట్టారు. తిక్కనలో ఈ గొడవే లేదు.

మర్రిపాలెం మేష్టారు: కాదు. తిరుపతి వెంకట కవుల నాటక పద్యం. సందర్భం ఉద్యోగపర్వానిదే, పద్యం మాత్రం వాళ్ళది. 'నీ పిల్లలు పాపలుం బ్రజలు పెంపు వహింపగ' అని నాటకానికి తగ్గట్టు అంత విప్పి చెప్పడం తిక్కన పోకడ కాదు. మీసాలు పెంచి పద్యాలకి సవాలు విసిరిన జంట అది. ఇంత సూటిగా అడగడం వాళ్ళ ధోరణి.

భీమిలి పంతులమ్మ: పురుగు గారు పర్వం వరకు సరిగ్గానే చెప్పారు. అదే సభలో తిక్కన కృష్ణుడి చేత అనిపించిన పద్యం వేరే ఉంది. 'సారపు ధర్మమున్ విమల సత్యము బాపముచేత బొంకుచే' అని మొదలవుతుంది. ధర్మం చెడిపోతుంటే ఆపగల దక్షులు ఉపేక్ష చేస్తే ఆ చేటు వాళ్ళకే అంటాడు. మధురవాడ బాబుకి పనికొచ్చేది నిజానికి అదే. స్నేహితుడు దుర్యోధనుడు కాడు కదా. సభలో కూర్చున్న మనుషుల్లో ఒకడు. ఆ పద్యం పడేది వాళ్ళకే.

పుస్తకాల పురుగు: చూశారా, చివరికి తిక్కనే దిక్కయ్యాడు. 'దక్షులెవ్వారలుపేక్ష సేసిరి' అన్న ఒక్క ముక్క చాలు. భీష్ముడి దగ్గర్నుంచి అందరూ తల దించుకోవాలి.

మధురవాడ: అమ్మా, వాడు ఉపేక్ష చేస్తే ఇంత బాధ ఉండేది కాదు. నోరు తెరిచి మరీ అటు మాట్లాడాడు. అయితే నాకు ఇంకో అనుమానం. 'చెల్లియొ చెల్లకో తమకు జేసిన యెగ్గులు సైచిరందఱుం' అంటే, చేసిన అవమానాలు న్యాయమో అన్యాయమో భరించారు అనేనా? అలాగైతే మెసేజ్‌లో వాడుకోవచ్చు.

పుస్తకాల పురుగు: అంతే. ఈ మాట చెల్లుతుంది, చెల్లదు అంటాం కదా. తగునో తగదో అని అర్థం.

మర్రిపాలెం మేష్టారు: వ్యాకరణం ఒప్పుకోదు. చెల్లి, చెల్లక రెండూ క్త్వార్థకాలు. సైచిన వాళ్ళెవరో చెల్లిన వాళ్ళూ వాళ్ళే కావాలి. ఎగ్గులు చెల్లి, పాండవులు సైచి అంటే కర్తలు ఇద్దరైపోయారు. కాబట్టి శక్తి ఉండో, లేకో అని చెప్పుకోవాలి. చేతనై ఊరుకున్నారో, చేతకాక ఊరుకున్నారో, మొత్తానికి ఓర్చుకున్నారు. ఆ రెండింటిలో ఏదో కృష్ణుడు చెప్పడు. 'అది నువ్వే ఊహించుకో' అని దుర్యోధనుడికి వదిలేశాడు. పద్యంలో బెదిరింపు ఉన్నది అక్కడే. 'రణం' అన్న మాట వచ్చేదాకా ఆగక్కర్లేదు.

హార్మోనియం: అందుకే కదండీ ఆ 'యో' మీద ఆగి సభని చూసేది!

భీమిలి పంతులమ్మ: మేష్టారి అన్వయం బావుంది. కానీ 'వాన కురిసి పంట పండింది' అంటాం కదా, కర్తలు వేరైనా మాట తప్పనిపించదు. అప్పు చెల్లింది, లెక్క చెల్లింది అనే అర్థం కూడా నాకు వెనక నుంచి వినిపిస్తూనే ఉంటుంది. రెండో పాదంలో 'తొల్లి గతించె' అని పాత ఖాతా మూసేస్తున్నాడు కదా. నాది పంతమే అనుకోండి.

మర్రిపాలెం మేష్టారు: వాన కురిసి పంట పండడం కార్యకారణం. ఇక్కడ ఆ సంబంధం ఎక్కడుందమ్మా?

రిటైర్డ్ దస్తావేజు లేఖరి (పెందుర్తి): పద్యం నాకు రాదు. కాగితం వచ్చు. ప్రశ్న అడిగినాయన సాక్షి సంతకం అన్నారు, ఆ ముక్క ఎవరూ పట్టించుకోలేదు. వీలునామాకి కనీసం ఇద్దరు సాక్షులుండాలి. రాసిన మనిషి సంతకం పెట్టడం కళ్ళారా చూశాననో, నేను పెట్టాను అని ఆయన నోట విన్నాననో ఒప్పుకోవడమే ఆ సంతకం. లోపల ఏం రాసి ఉందో సాక్షికి తెలియాలని లేదు. చాలా మంది పెద్దాయనలు చదివి వినిపించరు కూడా. 'బాబూ, ఇక్కడొక సంతకం పెట్టు' అంటారు, పక్కింటి కుర్రాడు పెట్టేస్తాడు. ఆ సంతకం చూసి వాడు అటు చేరిపోయాడని లెక్క కట్టకండి. పెద్దల ముందు మాట్లాడాడన్నది వేరే సంగతి, దాన్ని విడిగా అడగండి. రెండూ కలిపి అడిగితే వాడు సంతకం గురించి జవాబిచ్చి, మాట గురించి తప్పించుకుంటాడు.

మధురవాడ: ఇది నాకు తట్టలేదు. వీలునామా రాసిన రోజు వాడు మా ఇంట్లోనే ఉన్నాడని అమ్మ అంది. నాన్నగారే పిలిచి ఉంటారు.

భీమిలి పంతులమ్మ: అలాగైతే మీకు కావలసింది శల్యుడి కథ. పాండవుల దగ్గరికే బయల్దేరిన మేనమామ. దారి పొడుగునా విడిదులూ మర్యాదలూ జరిగితే ధర్మరాజే చేయిస్తున్నాడనుకున్నాడు. చేయించింది దుర్యోధనుడని తెలిసేసరికి మాట ఇచ్చేశాడు. అప్పుడు ధర్మరాజు దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ధర్మరాజు 'నువ్వు ఎటు' అని అడగలేదు, అది తేలిపోయింది కాబట్టి. అటు ఉండి నాకేం చేయగలవో అడిగాడు. కృష్ణుడి ప్రశ్న నిర్ణయం చేతిలో ఉన్నవాడికి వేసేది. అది మీ అన్నయ్యకి సరిపోతుంది. స్నేహితుడికి వేస్తే వాడి చేతిలో లేని పొత్తూ, వాడు కోరని రణమూ రెండే ముందు పెట్టినట్టవుతుంది.

అక్కయ్యపాలెం: ఆ 'కౌరవేశ్వరా' మాత్రం పంపకండి సార్. మా బావకి నేను సరదాగా శకుని మామా అని పెట్టాను. ఇప్పటికీ పండక్కి రావడం లేదు.

మధురవాడ: సరే, పద్యం తీసేసి రాశాను. చూడండి.

'ఒరేయ్, వీలునామా మీద నీ సంతకం గురించి నాకేం పేచీ లేదు. నాన్న అడిగితే నేనైనా పెట్టేవాణ్ణి. పెద్దల ముందు ఇల్లు అన్నయ్యకే అన్నావు చూడు, దాని గురించే అడుగుతున్నాను. నాన్న నీతో ఏమైనా చెప్పారా? లేక అది నీకు న్యాయం అనిపించిందా? లేక అన్నయ్య అడిగితే కాదనలేకపోయావా? ఏదైనా సరే, నాకు ఏర్పడ చెప్పు. రేపు ఇది కోర్టుకెళ్తే నువ్వు అటే సాక్ష్యం చెప్పినా నీ ఇంటికి రావడం మానను. కానీ ఆ మాట కోర్టులో వినేముందు నీ నోట వినాలి.'

రిటైర్డ్ దస్తావేజు లేఖరి: మూడు ప్రశ్నలూ బావున్నాయి. 'నాన్న నీతో ఏమైనా చెప్పారా' అన్నదే మొదట ఉంచారు, మంచిది. కోర్టు మాట తీసేయండి. వీలునామా రుజువు చేయాలంటే కనీసం ఒక సాక్షిని బోనెక్కించాలి, ఆ పిలుపు వాడికే రావచ్చు. ఇప్పుడే రాస్తే వాణ్ణి భయపెట్టారని అవతలి ప్లీడరు ఈ మెసేజే చూపిస్తాడు.

పుస్తకాల పురుగు: 'ఏర్పడ చెప్పు' అని వాట్సాప్‌లో ఎవరు రాస్తారండీ? కమిటీ ఏర్పడింది, గొయ్యి ఏర్పడింది అనే అర్థమే జనానికి తెలుసు. వాడు ఏం ఏర్పడింది అని అడుగుతాడు. 'ఎటేపో చెప్పు' అని మన మాటే పెట్టండి.

మధురవాడ: వాడూ నేనూ స్కూల్లో ఈ పద్యం కలిసి పాడినవాళ్ళం. వాడు కృష్ణుడు. ఆ ముక్క వాడికి తెలుస్తుంది. కోర్టు వాక్యం రెండూ తీసేస్తాను.

హార్మోనియం: స్కూల్లో వాడు 'యో' అన్నాడా, 'యొ' అన్నాడా?

మర్రిపాలెం మేష్టారు: అది అడగకండి, ఇంకో వారం నడుస్తుంది. నాకు వేరే పట్టింపు ఉంది. నాలుగో పాదంలో 'రణంబె గూర్చెదవొ' అని నేను చదువుకున్నాను. ఈమధ్య చాలా చోట్ల 'రణంబు గూర్చెదవొ' అని కనిపిస్తోంది. గణానికి రెండూ సరిపోతాయి, కాబట్టి ఛందస్సు తీర్పు చెప్పదు. 'ఎ' ఉంటేనే యుద్ధమే తెచ్చుకుంటావా అన్న పొడుపు వస్తుంది. పాత అచ్చు ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీ ఫొటో తీసి పెట్టండి.

భీమిలి పంతులమ్మ: నా దగ్గరున్న ప్రతిలో ఆ పేజీకి చెదలు పట్టింది మేష్టారూ. 'రణం' వరకు కనిపిస్తోంది.