అప్‌డేట్: ఆ నాలుగు మందుల్లో ఏది రెండుసార్లు పడుతోందంటే

నేను అడిగింది: “జ్వరం మాత్ర 650, జలుబు మాత్ర, దగ్గు సిరప్, రాత్రికి లీవోసిట్రిజిన్. నాన్నగారికి అన్నీ కలిపి వేయొచ్చా? ఫొటోలు పెట్టాను.”

ఎంవీపీ కాలనీలో ఫార్మసిస్ట్ గారు బ్రాండ్ పేర్లు వదిలేసి, వెనకున్న చిన్నక్షరాలే చదివారు. జ్వరం మాత్రంటే పారాసిటమాల్ 650 మిల్లీగ్రాములు. జలుబు మాత్రలోనూ పారాసిటమాల్ 500, అలర్జీ మందు క్లోర్‌ఫెనిరమిన్ 2 మిల్లీగ్రాములు ఉన్నాయి. రెండు మాత్రలూ రోజుకు నాలుగేసి పడితే పారాసిటమాల్ 4,600 అవుతుంది. పెద్దవాళ్లకు గరిష్ఠం 4,000. సిరప్‌లో పారాసిటమాల్ లేదు గానీ, క్లోర్‌ఫెనిరమిన్ మళ్లీ ఉంది. లీవోసిట్రిజిన్ పేరు వేరైనా అదీ అలర్జీ మందే. ఇవన్నీ కలిస్తే పెద్దవయసులో మగత, మూత్రం సరిగా రాకపోవడం వంటి ఇబ్బందులు రావచ్చు. జలుబు మాత్ర, లీవోసిట్రిజిన్ పక్కన పెట్టించారు.

నా ఫొటోలో జలుబు మాత్ర కత్తిరించిన ముక్క. మందుల వివరాలున్న భాగం దుకాణంలోనే ఉండిపోయింది.