సూపర్‌విజన్‌లో ఈ బాబు కేసు ఎట్లా చెప్పాలి?

నల్గొండ చెల్లె:
అందరికీ నమస్తే. లండన్ వచ్చి మూడు నెలలైంది. పిల్లల కౌన్సెలింగ్‌లో ట్రైనీని. గురువారం సూపర్‌విజన్‌లో, అంటే నా పని చూసే సీనియర్ ముందు, మొదటి కేసు చెప్పాలి, పది నిమిషాలే ఇస్తారు. తొమ్మిదేళ్ల బాబు (ఆనవాళ్లు మార్చి రాస్తున్నాను). ఆదివారం సాయంత్రం నుంచే కడుపునొప్పి అంటాడు. సోమవారం బూట్లు వేసుకోమంటే విసిరికొడతాడు, తల్లిని తిడతాడు. బడిలో మాత్రం నోరెత్తడట. ఇది భయమా, మొండితనమా? "ఏం చేయాలి" అని అడిగితే చాలా?

పాలమూరు అన్న:
మొండితనం అని రాయకు. ఇంట్లో, బడిలో రెండు చోట్లా ఉంటేనే ఓడీడీ అనే ఎదురుతిరిగే రుగ్మత అంటారు. రూల్ అది.

మిర్యాలగూడ అక్క:
అన్నా, రెండు చోట్ల షరతు ఏడీహెచ్‌డీకి. ఓడీడీ ఇంట్లోనే కనిపించినా ఇవ్వొచ్చు. తోబుట్టువులతో గొడవలు మాత్రమే అయితే లెక్కకు రావు.

చెల్లె, డయాగ్నసిస్‌తో మొదలుపెట్టకు. ఒక్క సోమవారం పొద్దున ఏం జరిగిందో వరసగా చెప్పు. ఎవరు ఏమన్నారు, బాబు ఏం చేశాడు, చివరికి ఏమైంది? భయం లేని పని, అంటే టీవీ ఆపమన్నా ఇట్లాగే చేస్తాడా?

సూర్యాపేట తమ్ముడు:
అక్కా, ఇల్లు తీసుకునేముందు గోడలు చూసుకోండి. మా పాప ఏడుస్తుందని కింది ఫ్లాట్ వాళ్లు ఓనర్‌కు చెప్పారు. ఖాళీ చేయిస్తానని ఆయన మూడుసార్లు ఫోన్ చేశాడు. రెండు నెలలు పాప నోరు తెరవకముందే అడిగినవన్నీ ఇచ్చాం. తర్వాత ఆ అలవాటు మాన్పించడానికి ప్రాణం పోయింది.

నల్గొండ చెల్లె:
తమ్ముడి మాట చదివి నోట్సు మళ్లీ తీశాను. "పక్కింటివాళ్లు వింటారు" అని ఆ తల్లి రెండుసార్లు అన్నది. గంట బతిమాలి "సరే, ఈ రోజు వద్దు" అంటుంది. అంతే, కడుపునొప్పి పోతుంది. టీవీ ఆపమంటే గొణుగుతాడు గానీ ఆపుతాడు. చెల్లెలిని మాత్రం ఏ రోజైనా కొడతాడు.

మిర్యాలగూడ అక్క:
చూశావా, విసిరితే బడి తప్పుతోంది. తల్లికి అరుపులు తప్పుతున్నాయి. అందుకే ఇద్దరూ మళ్లీ అదే చేస్తున్నారు. ఇక ప్రశ్న ఇట్లా పెట్టు: "బడి పొద్దుటి గొడవ భయం వల్లనే అని నా అంచనా. మొదట గేటు దాకా, తర్వాత క్లాసు దాకా మెల్లగా పంపాలనుకుంటున్నాను. చెల్లెలిని కొట్టడానికి వేరే హద్దు పెట్టాలా? నా అంచనా తప్పయితే దేన్నిబట్టి తెలుస్తుంది?" బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా, ఇంట్లో దెబ్బలున్నాయా అన్నది అడిగావో లేదో అన్నిటికంటే ముందు చెప్పు.

పాలమూరు అన్న:
టైమ్ అవుట్ పెడితే సరి.

మిర్యాలగూడ అక్క:
బడికి పోనన్నవాణ్ని గదిలో కూర్చోబెడితే వాడు కోరింది ఇచ్చినట్టే కదా అన్నా?

పాలమూరు అన్న:
కొట్టినప్పుడైనా పెట్టాలి. ఆ మాట మీద నేను తగ్గను.

నల్గొండ చెల్లె:
ఇంకోటి అక్కా. ఆ తల్లి లొంగిన ప్రతిసారీ నాకు లోపల కోపం వచ్చింది. అది కూడా చెప్పాలా?

మిర్యాలగూడ అక్క:
చెప్పు. పక్కింటివాళ్ల మాట ఆమె రెండుసార్లు అన్నా నీకు వినపడకపోవడానికి ఆ కోపమే కారణమేమో.